నలభై శాతం వెనుక ఉన్న విద్యార్థి: చరిత్ర పరీక్షలో పాస్ మార్కును నిర్ణయించడం ఎలా?

(హనుమకొండలో డిగ్రీ కళాశాలల చరిత్ర అధ్యాపకుల సమావేశంలో ఒక విశ్రాంత అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, తోటి అధ్యాపక మిత్రులకు నమస్కారం.

చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక కళాశాలలో జరిగిన విషయంతో మొదలుపెడతాను. ములుగు వైపు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయికి చరిత్ర పత్రంలో 60కి 22 మార్కులు వచ్చాయి. పాస్ కావడానికి 24 కావాలి కాబట్టి ఆమె తప్పింది. ఆమె తండ్రి వచ్చి, "సార్, నిరుడు మా పెద్దమ్మాయి ఇదే సబ్జెక్టు ఇంతకంటే తక్కువ చదివి పాసయింది, దీనికేమైంది?" అని అడిగారు. ఆయనకు ఏదో సర్దిచెప్పి పంపించాను గానీ, ఆ సాయంత్రం బీరువా తెరిచి, అంతకు ముందు ఏడాది సరిగ్గా 24 మార్కులతో గట్టెక్కిన ఒక జవాబు పత్రాన్ని తీసి ఈ అమ్మాయి పత్రం పక్కన పెట్టుకుని చదివాను. రెండుసార్లు చదివినా అమ్మాయి పత్రం తక్కువదని నా మనసు ఒప్పుకోలేదు. పాత పత్రంలో కాకతీయుల నీటిపారుదలను గురించి వ్రాయమన్నారు. కొత్త పత్రంలో నాయంకర వ్యవస్థ రాజ్యానికి బలమా, బలహీనతా అని చర్చించమన్నారు. చెరువుల పేర్లు వరుసగా వ్రాసిన వారికి మొదటి ప్రశ్నలో ఐదు మార్కులు వస్తాయి. రెండో ప్రశ్నలో అదే శ్రమకు, అదే తెలివికి రెండు మార్కులే వస్తాయి. పాస్ మార్కు మాత్రం రెండేళ్లూ 24 దగ్గరే ఉంది.

నేడు నేను మాట్లాడదలచుకున్నది ఆ రెండు మార్కుల గురించే. మన నిబంధనలలో పాస్ మార్కు నూటికి ఇంత అని ఉంటుంది. ఇంటర్మీడియట్‌లో 35, మన డిగ్రీ పత్రాలలో 40 అన్నది అందరికీ అలవాటైన లెక్క. అయితే 40 శాతం అన్న అంకె దానంతట అది ఏ ప్రమాణాన్నీ చెప్పదు. సులువైన పత్రంలో 40 శాతం ఒక స్థాయి, కఠినమైన పత్రంలో 40 శాతం మరొక స్థాయి. ప్రమాణం ఉండేది మనం పాస్ చేయదగిన వాడు అనుకునే విద్యార్థి చేతి పనిలో. ఆ విద్యార్థి ఈ పత్రంలో ఎన్ని మార్కులు తెచ్చుకుంటాడన్నది ప్రతి ఏడూ కొత్తగా కనుక్కోవలసిన విషయం.

గణితంలోనో ప్రవేశ పరీక్షలలోనో దీనికి ఒక సౌకర్యం ఉంది. పాత ప్రశ్నలు కొన్నింటిని రహస్యంగా దాచి, కొత్త పత్రంలో కలిపి, ఆ ఉమ్మడి ప్రశ్నలలో రెండు బృందాలు ఎలా చేశాయో చూసి, పత్రాల కాఠిన్యాన్ని సరిపోల్చవచ్చు. చరిత్రలో ఆ దారి మూసుకుపోయింది. మన ప్రశ్నలు పరీక్ష హాలు దాటిన మరుక్షణం క్వశ్చన్ బ్యాంకులలోకి, గైడ్లలోకి, వాట్సాప్ గ్రూపులలోకి చేరుతాయి. "మోటుపల్లి అభయశాసనం ఆధారంగా సముద్ర వాణిజ్యం పట్ల గణపతిదేవుని విధానాన్ని పరిశీలించండి" అన్న ప్రశ్న మొదటిసారి వచ్చినప్పుడు కష్టమైనది. ఓడ పగిలి ఒడ్డుకు చేరిన వర్తకుల సరుకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారనీ, గణపతిదేవుడు నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా వారికే వదిలాడనీ శాసనం చెబుతున్న దాన్ని విద్యార్థి తనంతట తాను వాణిజ్య విధానంగా మలచుకోవాలి. అదే ప్రశ్న మూడేళ్ల తర్వాత మళ్లీ వస్తే, అప్పటికే అధ్యాపకుడు నోట్సు చెప్పి ఉంటాడు, గైడులో రెండు పేజీల జవాబు ఉంటుంది. ప్రశ్నలో ఒక్క అక్షరం మారకపోయినా కాఠిన్యం మాత్రం మారిపోయింది. అందుచేత మానవీయ శాస్త్రాలలో ఒకే ప్రశ్నను మళ్లీ అడిగి కొలవడం కుదరదు. మనకు మిగిలిన కొలమానాలు రెండే. ఒకటి అధ్యాపకుల తీర్పు, రెండవది విద్యార్థులు వ్రాసిన పత్రాలు. ఈ రెండూ తప్పుదారి పట్టించగలవు, అయితే అవి ఏ వైపుకు పట్టిస్తాయో మనకు కొంతవరకు తెలుసు. ఆ తెలిసినదాన్ని ఎలా వాడుకోవాలో ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం.

నేను చెప్పబోయే పత్రం నమూనా పత్రం. లెక్క సులభంగా ఉండడానికి అంకెలను నేనే కూర్చుకున్నాను. మొత్తం 60 మార్కులు. ఐదేసి మార్కుల చిన్న ప్రశ్నలు నాలుగు, పదేసి మార్కుల వ్యాస ప్రశ్నలు నాలుగు. పాస్ మార్కు నిబంధన ప్రకారం 40 శాతం, అంటే 24. ఎనిమిది మంది అధ్యాపకులు కూర్చున్నారు. వారి ముందు నిరుటి పత్రం, ఈ ఏటి పత్రం, రెండింటి వాల్యుయేషన్ స్కీములు ఉన్నాయి.

మొదటి పని పత్రాన్ని పక్కన పెట్టి, విద్యార్థిని వర్ణించడం. పాస్‌కు ఫెయిల్‌కు మధ్య గీత మీద నిలబడ్డ విద్యార్థి ఎలా ఉంటాడు? నేను అతన్ని అంచు విద్యార్థి అంటాను. ఈ వర్ణన "ఓ మోస్తరు పరిజ్ఞానం గలవాడు" అన్నట్టు ఉంటే ఎందుకూ పనికిరాదు. మన కాకతీయుల పాఠం విషయంలో అది ఇలా ఉండాలి: గణపతిదేవుడు, రుద్రమదేవి, ప్రతాపరుద్రుడు అన్న వరుస అతనికి తెలుసు, 1323లో ఓరుగల్లు పతనమైందని తెలుసు. చెరువులు తవ్వించారని వ్రాస్తాడు, పాకాల, రామప్ప అని రెండు పేర్లు ఇస్తాడు, అయితే చెరువుకూ సాగు విస్తరణకూ రాజ్యాదాయానికీ ఉన్న ముడిని విప్పడు. చందుపట్ల శాసనం పేరు విన్నాడు గానీ, రుద్రమదేవి మరణ కాలాన్ని నిర్ణయించడానికి దాన్ని ఆధారంగా ఎలా వాడతామో చెప్పలేడు. రెండు కారణాలు చెబుతాడు, వాటిలో ఏది ముఖ్యమో తూచలేడు. ఇంత స్పష్టంగా వ్రాసుకున్న తర్వాత ఎనిమిది మంది ఆ కాగితం మీద సంతకం పెట్టాలి. ఈ పనికి ఒక గంట పట్టినా నష్టం లేదు. ఇక్కడ తొందరపడితే, ఒకరు తమ క్లాసులోని సగటు విద్యార్థిని, మరొకరు ముందు బెంచీలో కూర్చునే చురుకైన విద్యార్థిని మనసులో పెట్టుకుంటారు. అప్పుడు వారు ఇచ్చే అంకెలు వేరువేరు మనుషులవి అవుతాయి. వాటి సగటుకు అర్థం ఉండదు.

రెండవ పని అంచనా. ఇలాంటి అంచు విద్యార్థి ఈ స్కీము ప్రకారం ఈ ప్రశ్నకు ఎన్ని మార్కులు తెచ్చుకుంటాడని ప్రతి అధ్యాపకుడూ ఇతరులతో మాట్లాడకుండా వ్రాయాలి. ఎంత వ్రాయాలి అన్నది ప్రశ్న కాదు, ఎంత వ్రాస్తాడు అన్నదే ప్రశ్న. ఈ పద్ధతికి మూలం అమెరికన్ పరీక్షా నిపుణుడు విలియం ఆంగాఫ్ 1971లో ప్రచురించిన ఒక సుదీర్ఘ వ్యాసం. ఆయన బహుళైచ్ఛిక ప్రశ్నలను దృష్టిలో పెట్టుకుని చెప్పిన దాన్ని తర్వాతి వారు వ్యాస ప్రశ్నలకు విస్తరించారు. ఆయన పేరుతోనే పిలిచే ఈ పద్ధతిలో ఒక రూపం ఆ వ్యాసంలో పాదసూచికగా మాత్రమే కనిపిస్తుంది. అందులోంచి ఇంత పెద్ద ఆచారం పుట్టింది.

మొదటి విడత అంకెలు బోర్డు మీద వ్రాసిన తర్వాత, ఎక్కువ తేడా ఉన్న ప్రశ్నల గురించే చర్చించాలి. నాయంకర వ్యవస్థ ప్రశ్నకు ఒకరు 5 ఇచ్చారు, మరొకరు 1 ఇచ్చారు అనుకుందాం. ఐదు ఇచ్చిన వారిని ఎందుకని అడిగితే, "నాయంకరం అంటే ఏమిటో వ్రాస్తాడు కదా" అంటారు. ఒకటి ఇచ్చిన వారు స్కీము చూపించి, "నిర్వచనానికి ఇక్కడ రెండే మార్కులు ఉన్నాయి, మిగతా ఎనిమిదీ బలాన్నీ బలహీనతనూ తూచినందుకు" అంటారు. ఇద్దరూ సర్దుకుంటారు. చర్చ తర్వాత రెండవ విడత అంకెలు మళ్లీ విడివిడిగా వ్రాయాలి. వాటినే లెక్కలోకి తీసుకోవాలి.

మన ఉదాహరణలో పాత పత్రానికి చిన్న ప్రశ్నల సగటులు గుండ్రంగా 3, 3, 2, 2, అంటే 10. వ్యాసాలకు 4, 4, 3, 3, అంటే 14. మొత్తం 24. అదృష్టవశాత్తు నిబంధనలోని 24కు సరిపోయింది. అంటే నిరుడు గీత ఉండవలసిన చోటే ఉంది. కొత్త పత్రానికి చిన్న ప్రశ్నలు 2, 2, 2, 2, అంటే 8. వ్యాసాలు 4, 3, 2, 3, అంటే 12. మొత్తం 20. అంటే ఎనిమిది మంది చెబుతున్నది, నిరుడు 24 తెచ్చుకున్న స్థాయి విద్యార్థి ఈ ఏడు 20 మాత్రమే తెచ్చుకుంటాడని.

ఈ 20ని ఎంతవరకు నమ్మవచ్చు? ఎనిమిది మంది విడివిడి మొత్తాలు 17, 19, 19, 20, 20, 21, 21, 23 అనుకుంటే, సగటు 20, వాటి చెదురు, అంటే ప్రామాణిక విచలనం, సుమారు 1.8. దాన్ని ఎనిమిది వర్గమూలంతో భాగిస్తే సుమారు 0.6 వస్తుంది. ఇలాంటి మరో ఎనిమిది మందిని కూర్చోబెట్టి ఇదే పని చేయిస్తే, వారి సగటు చాలావరకు ఇందుకు అటూ ఇటూ 1.2 మార్కుల లోపల, అంటే సుమారు 19కి 21కి మధ్య ఉంటుందని దీని అర్థం. పాత పత్రానికీ ఇంతే అనిశ్చితి ఉందనుకున్నా, 4 మార్కుల తేడా కేవలం మనుషుల అభిప్రాయ భేదం వల్ల వచ్చేది కాదు. అయితే ఈ 0.6 ఒక విషయాన్ని మాత్రం దాస్తుంది. ఎనిమిది మందీ ఒకే వైపు పొరబడితే ఈ లెక్కలో అది కనిపించదు. వారి ఏకాభిప్రాయం ఎంత గట్టిగా ఉంటే, ఉమ్మడి పొరపాటు అంత భద్రంగా దాగి ఉంటుంది.

ఆ ఉమ్మడి పొరపాటు ఏ వైపుకు ఉంటుందో ఈ పద్ధతిని వాడినవారు చాలాసార్లు గమనించారు. అంచనా వేసేవారు కాఠిన్యాన్ని కుదించి చూస్తారు. కష్టమైన ప్రశ్నకు అంచు విద్యార్థి నిజంగా తెచ్చుకునే దానికంటే ఎక్కువ ఇస్తారు, సులువైన దానికి తక్కువ ఇస్తారు, అన్నీ మధ్యకు జరుగుతాయి. మనకైతే ఇది అనుభవమే. ముప్ఫై ఏళ్లు మోటుపల్లి శాసనం చెప్పిన నాకు అది కష్టమైన ప్రశ్నగా ఎలా తోస్తుంది? కాబట్టి వారు చెప్పిన 4 మార్కుల తేడా నిజమైన తేడా కంటే తక్కువే అయి ఉండవచ్చునని గుర్తుపెట్టుకుని, రెండవ కొలమానం దగ్గరకు వెళ్దాం.

రెండవ కొలమానం జవాబు పత్రాలు. ములుగు అమ్మాయి పత్రంతో నేను ఆ సాయంత్రం చేసిన పనినే క్రమబద్ధంగా చేయడం ఇది. మనిషికి ఒక పత్రాన్ని విడిగా చూసి "ఇది 24కు తగినది" అనడం కష్టం, రెండింటిని పక్కపక్కన పెట్టి "ఇది దానికంటే మెరుగు" అనడం సులభం. ఈ గమనికను 1927లో మనస్తత్వ శాస్త్రవేత్త థర్‌స్టోన్ ఒక సిద్ధాంతంగా నిలిపారు. పని ఇలా సాగుతుంది. పాత పత్రాలలో, కొత్త పత్రాలలో గీతకు అటూ ఇటూ ఉన్నవాటిని ఎంచుకుని, మార్కులు, పేర్లు, హాల్ టికెట్ నంబర్లు కనిపించకుండా జిరాక్స్ తీయించాలి. పాతది ఒకటి, కొత్తది ఒకటి జతగా కట్టాలి. జతలోని రెండింటి మధ్య మార్కుల తేడాను కావాలనే రకరకాలుగా ఉంచాలి. ఎనిమిది మందికి పదిహేనేసి జతలు, మొత్తం 120 జతలు. రెండు ప్రశ్నపత్రాలనూ ముందు పెట్టుకుని ఏది మెరుగైన చరిత్ర రచనో చెప్పాలి. అంతే, మార్కులు వేయకూడదు.

ఫలితం ఇలా వచ్చిందనుకుందాం. రెండింటికీ మార్కులు సమానంగా ఉన్న 24 జతలలో కొత్త పత్రమే మెరుగని 17 సార్లు చెప్పారు. కొత్త పత్రానికి 3 మార్కులు తక్కువ ఉన్న 24 జతలలో 12 సార్లు, 6 తక్కువ ఉన్నప్పుడు 7 సార్లు, 9 తక్కువ ఉన్నప్పుడు 4 సార్లు. కొత్తదానికి 3 మార్కులు ఎక్కువ ఉన్న జతలలో 20 సార్లు. ఇప్పుడు వెతకవలసింది సరిగ్గా సగం సార్లు మెరుగని చెప్పిన చోటు. అది 3 మార్కులు తక్కువ ఉన్న దగ్గర ఉంది. అంటే నిరుటి 24కు ఈ ఏటి 21 సమానం.

అంచనా 20 అంటోంది, జతలు 21 అంటున్నాయి. సగటు తీసి 20.5 అనడం తొందరపాటు. ఈ రెండూ ఏ వైపుకు మొగ్గుతాయో ముందు చూడాలి. జతల పద్ధతిలోనూ ఒక లోపం ఉంది. 1988లో ఇంగ్లాండులో గుడ్, క్రెస్వెల్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించినదేమిటంటే, పరీక్షకులు కఠినమైన పత్రానికి వచ్చిన జవాబులను చదివేటప్పుడు, ఆ కాఠిన్యానికి ఇవ్వవలసినంత తగ్గింపు ఇవ్వరు. ప్రశ్న కష్టమైనదని తెలిసినా, కళ్ల ముందున్న జవాబు బలహీనంగా కనిపిస్తుంది కాబట్టి తీర్పు దాని వైపే లాగుతుంది. నాయంకర వ్యవస్థ మీద తడబడిన జవాబు, చెరువుల మీద ధారాళంగా సాగిన జవాబు పక్కన ఎప్పుడూ చిన్నగానే కనిపిస్తుంది. కాబట్టి జతలు చెప్పిన 3 కూడా అసలు తేడా కంటే తక్కువే అయి ఉండాలి. రెండు సాధనాలూ ఒకే వైపు, అంటే తేడాను తగ్గించి చూపే వైపే మొగ్గుతున్నాయి. అటువంటప్పుడు వాటి మధ్య రాజీ కుదర్చడం కాకుండా, రెండింటిలో పెద్ద తేడాను చెప్పిన దాని వైపు నిలబడడమే న్యాయం. నేనైతే గీతను 20 దగ్గర గీస్తాను. దానికంటే దిగువకు వెళ్లడానికి మన దగ్గర కొలిచిన ఆధారం లేదు, కాబట్టి 19కి వెళ్లను.

ఈ రెండు పద్ధతులను కలిపి వాడడంలో మరో లాభం ఉంది. దీన్ని మాత్రం దయచేసి శ్రద్ధగా వినండి. అంచనా పద్ధతి చూసేది పత్రాన్నీ స్కీమునూ మాత్రమే. జతల పద్ధతిలో అసలు వాల్యుయేషన్‌లో వేసిన మార్కులు కూడా కలిసి ఉంటాయి. కాబట్టి అంచనా 4 అని, జతలు 9 అని చెబితే, కొత్త పత్రం కష్టమైనదవడమే కాక, ఈ ఏడు దిద్దినవారు నిరుటి కంటే కఠినంగా దిద్దారని అనుమానించాలి. దానికి మందు పాస్ మార్కు జరపడం కాదు. స్కీము చేతిలో పట్టుకుని కొన్ని పత్రాలను మళ్లీ దిద్దించాలి. కష్టం పత్రంలో ఉందా, దిద్దుబాటులో ఉందా అన్నది తేలకుండా గీతను జరిపితే, వచ్చే ఏడు వేరే వాల్యుయేటర్లు వచ్చినప్పుడు మొత్తం తలకిందులవుతుంది.

దిద్దుబాటు ప్రస్తావన వచ్చింది కాబట్టి, మనందరికీ తెలిసినదే అయినా మనం పైకి మాట్లాడని ఒక అలవాటును చెప్పక తప్పదు. స్పాట్ వాల్యుయేషన్‌లో మొత్తం కూడినప్పుడు 22 వస్తే, వెనక్కి వెళ్లి ఒక వ్యాసంలో రెండు మార్కులు పెంచి 24 చేస్తాం. నేనూ చేశాను. దయతోనే చేశాను. ఏ కళాశాలలోనైనా మార్కుల జాబితా తీసుకుని, ఏ మార్కు ఎంత మందికి వచ్చిందో గీసి చూడండి. 24 దగ్గర తాటిచెట్టులా ఒక గీత లేచి ఉంటుంది. దాని ముందు 22, 23 దగ్గర గొయ్యి ఉంటుంది. ఈ దయ అందరికీ సమానంగా అందదు. ఉదయం మొదటి కట్టలో ఉన్నవాడికి అంది, సాయంత్రం చివరి కట్టలో ఉన్నవాడికి అందకపోవచ్చు. ములుగు అమ్మాయికి అది అందలేదు. నేడు మనం మాట్లాడుకుంటున్న లెక్కలకు కూడా అది గొయ్యే. 24 అని వ్రాసి ఉన్న పత్రం నిజంగా 22 పత్రమైతే, జతలు కట్టి మనం పొందే జవాబంతా తప్పుతుంది. ఎవరినీ నిందించకుండా దీన్ని ఆపే మార్గం ఒకటుంది. దిద్దేవారు ప్రశ్నకు ప్రశ్నగా మార్కులు మాత్రమే వేయాలి. కూడిక మరొకరు, మరో బల్ల దగ్గర చేయాలి. మొత్తం ఎంతో తెలియకపోతే పెంచాలన్న ఆలోచనే రాదు.

ఇక గీత 20 దగ్గర పడింది, నిబంధన మాత్రం 24 అంటోంది. ఇక్కడ మనకు అలవాటైన దారి గ్రేస్ మార్కులు. ఫెయిలైన వారికి అవసరమైనన్ని, నాలుగు దాకా, కలపడం. దీని ఫలితం చూడండి. 20 వచ్చినవాడు 24, 21 వచ్చినవాడు 24, 22 వచ్చినవాడు 24, 23 వచ్చినవాడు 24. తన కష్టంతో 24 తెచ్చుకున్నవాడూ 24 దగ్గరే ఉంటాడు. పత్రం కష్టమైనది అందరికీ అయినప్పుడు, సవరణ గీత కింద ఉన్నవారికే ఎందుకు? దీనికి బదులు మార్కుల కొలబద్దనే సాగదీయవచ్చు. 20ని 24గా, 60ని 60గా ఉంచి మధ్యలో ఉన్నవాటిని అదే నిష్పత్తిలో జరపాలి. 20 పైన వచ్చిన ప్రతి మార్కుకు 0.9 చొప్పున 24కు కలుపుతారు. 22 వచ్చిన అమ్మాయికి 25.8 వస్తుంది, 24 వచ్చినవాడికి 27.6, 40 వచ్చినవాడికి 42. గీత కింద ఉన్నవారికి మార్కును 1.2తో హెచ్చిస్తే సరిపోతుంది, 15 వచ్చినవాడికి 18 అవుతుంది. ఎవరి వరుసా మారదు, ఎవరి శ్రమా ఇంకొకరి శ్రమలో కలిసిపోదు. ఇలా చేయడానికి నిబంధనలలో ముందే చోటు ఉండాలి. ఫలితాలు చూసిన తర్వాత కనిపెట్టిన సూత్రం ఎంత మంచిదైనా దాని మీద అనుమానం తప్పదు. స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలలు దీన్ని బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో పెట్టి, అకడమిక్ కౌన్సిల్ ఆమోదంతో చేయాలి. విశ్వవిద్యాలయ పరీక్ష వ్రాయించే కళాశాలలకు ఈ అధికారం లేదు. వారు చేయగలిగింది ఆధారాలతో నివేదించడం వరకే.

ప్రిన్సిపాళ్లు తరచుగా అడిగే మాట ఒకటుంది. "ఇంత శ్రమ ఎందుకు, నిరుడు 75 శాతం పాసయ్యారు, ఈ ఏడూ 75 శాతం పాసయ్యేలా గీత గీస్తే సరిపోదా?" ఇంగ్లాండులో లక్షల మంది వ్రాసే పరీక్షలకు, విద్యార్థుల పూర్వ ఫలితాలను కూడా కలిపి చూసి, ఇలాంటి వాదాన్నే ఆధారంగా వాడతారు. లక్షల మందిలో ఒక ఏటి బృందానికీ మరొక ఏటి బృందానికీ మధ్య స్థాయి అకస్మాత్తుగా మారదు. మన క్లాసులో 64 మంది ఉన్నారు. పత్రమూ స్థాయీ ఏమాత్రం మారకపోయినా, కేవలం ఎవరు వచ్చి చేరారన్న దాన్ని బట్టే, పాసయ్యేవారి సంఖ్య 48కి అటూ ఇటూ ఏడుగురి దాకా ఊగుతుంది. 41 మంది పాసైనా, 55 మంది పాసైనా అది పత్రం గురించి ఏమీ చెప్పదు. చిన్న కళాశాలలో పాస్ శాతాన్ని చూసి పత్రం కష్టమనో సులువనో తేల్చడం, ఒక్క వానను చూసి కాలం మంచిదనడం లాంటిది.

ప్రశ్నలలో ఎంపిక ఇచ్చే ఆచారం గురించి కూడా ఒక మాట. "అ లేదా ఆ" అని ఇచ్చినప్పుడు, ఒకే పత్రంలో నిజానికి చాలా పత్రాలు ఉంటాయి. వాటి కాఠిన్యం సమానమని మనం ఊహిస్తున్నాం, అంతే. 'అ' వ్రాసినవారి సగటు 5, 'ఆ' వ్రాసినవారి సగటు 3 అయితే 'ఆ' కష్టమని వెంటనే అనకూడదు. 'ఆ' ఎంచుకున్నవారే బలహీనులు కావచ్చు. వేయి స్తంభాల గుడి ప్రశ్న హనుమకొండ పిల్లలందరికీ పరిచయమైనదిగా తోస్తుంది. చదవని వాడు కూడా ఏదో వ్రాయగలనన్న ధైర్యంతో దాన్నే ఎంచుకుంటాడు. ఏది నిజమో తెలుసుకోవాలంటే, అందరూ వ్రాసి తీరవలసిన చిన్న ప్రశ్నలలో ఈ రెండు బృందాలూ ఎలా చేశాయో చూడాలి. అక్కడ ఇద్దరూ సమానంగా ఉండి, ఇక్కడ మాత్రం తేడా వస్తే, అప్పుడు తప్పు ప్రశ్నదే. నా అభిప్రాయంలో ఎంపికను వ్యాసాలలో రెండింటికే పరిమితం చేయడం మంచిది. ఈ విషయంలో మీలో చాలామంది నాతో విభేదిస్తారని నాకు తెలుసు.

ప్రశ్నపత్రం అచ్చుకు వెళ్లకముందే ఇందులో చాలా భాగం సరిచేయవచ్చు. పేపర్ సెట్టర్ కాక మరో ఇద్దరు, గోప్యత హామీతో, అంచు విద్యార్థి వర్ణనను ముందు పెట్టుకుని ప్రశ్నకు ప్రశ్నగా అంచనా వేస్తే చాలు. మొత్తం 20 దగ్గర తేలితే, "చర్చించండి" అన్న వ్యాసాలు ఈ ఏడు మూడయ్యాయని, నిరుడు ఒకటే ఉందని అక్కడే తెలిసిపోతుంది. ఒక ప్రశ్నను మారుస్తారు. ఎనిమిది మందిని ముందే కూర్చోబెట్టమని నేను చెప్పను. అంతమంది చూసిన ప్రశ్నపత్రం ఉదయానికి ఊరంతా తెలుస్తుంది. పెద్ద బృందం పని పరీక్ష అయిన తర్వాతనే.

చివరగా బీరువా సంగతి. ప్రతి ఏడూ గీత దగ్గరి పత్రాలు, గీతకు పైన ఐదు, కింద ఐదు, ప్రశ్నపత్రం, స్కీము, ఎనిమిది మంది సంతకాలున్న అంచు విద్యార్థి వర్ణన, వారి విడివిడి అంకెల కాగితం, అన్నీ ఒకే కవరులో పెట్టి భద్రపరచండి. మామూలుగా జవాబు పత్రాలను గడువు తీరగానే తూకానికి అమ్మేస్తారు. వాటితోపాటు నిరుటి ప్రమాణం కూడా వెళ్లిపోతుంది. వచ్చే ఏడు జతలు కట్టడానికి పాత పత్రం ఉండదు, ఉండేది మన జ్ఞాపకమే. ఆ సాయంత్రం నాకు 24 మార్కుల పాత పత్రం దొరికింది కూడా ఎవరో ఆ కట్టను అమ్మడం మరచిపోవడం వల్లనే. కవరు మీద సంవత్సరం, పత్రం పేరు, గీత ఎక్కడ గీశారో ఆ అంకె వ్రాయండి. కొత్తగా చేరే అధ్యాపకుడికి మొదటి వారంలోనే ఆ కవరు చేతికివ్వండి.